సర్వే ఫలితాలను ‘వల్ల’ లేకుండా రాయడం ఎలా?

ఒక డిగ్రీ కాలేజీలో రక్తహీనత మీద సర్వే చేశారనుకుందాం. 18 నుంచి 21 ఏళ్ల అమ్మాయిలు 400 మంది. ప్రతి ఒక్కరి వేలి నుంచి చుక్క రక్తం తీసి హిమోగ్లోబిన్ చూశారు. అప్పుడే ఒక ప్రశ్నావళి కూడా నింపించారు. అందులో ‘భోజనం చేసిన గంటలోపు టీ తాగే అలవాటు ఉందా?’ అనేది ఒక ప్రశ్న. లెక్క తీస్తే, టీ అలవాటు ఉన్న 160 మందిలో 112 మందికి రక్తహీనత ఉంది, అంటే 70 శాతం. అలవాటు లేని 240 మందిలో 120 మందికి ఉంది, అంటే 50 శాతం. (ఈ అంకెలు ఉదాహరణ కోసం నేను అల్లినవి. రాసే పద్ధతి చూపించడానికి వీటినే చివరిదాకా వాడతాను.)

ఇప్పుడు రిపోర్టు రాయాలి. చాలామంది పెన్ను పట్టగానే వచ్చే వాక్యం ఇది: ‘భోజనం తర్వాత టీ తాగడం వల్ల అమ్మాయిల్లో రక్తహీనత పెరుగుతోంది.’ ఈ సర్వే ఆ మాట చెప్పలేదు, చెప్పగలిగేది కూడా కాదు. టీ అలవాటునూ హిమోగ్లోబిన్‌నూ ఒకే పూట కొలిచారు. ఏది ముందు వచ్చిందో తెలియదు. ఎవరికి టీ ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో పరిశోధకులు నిర్ణయించలేదు, అమ్మాయిలు తమ ఇష్టానికి తాగారు. ఇలా ఒకే సమయంలో అడిగి, కొలిచి వదిలేసే పరిశీలననే క్రాస్ సెక్షనల్ సర్వే అంటాం. రెండు విషయాల గురించి అది చూపించగలిగేది ఒక్కటే: అవి ఒకే మనుషుల్లో ఎంత తరచుగా కలిసి కనిపించాయి అన్నది.

థీసిస్ రాసే పీజీ విద్యార్థులకూ నర్సింగ్ విద్యార్థులకూ ఈ సంగతి తెలియక కాదు. ఇంగ్లిష్‌లో రాసేటప్పుడు గైడ్ ఎర్ర పెన్నుతో దిద్దుతారు కాబట్టి జాగ్రత్తపడతారు. అదే ఫలితాన్ని తెలుగులో ప్రెస్ నోట్‌గానో, గ్రామసభలో చదివే కాగితంగానో, కాలేజీ గోడ మీద పోస్టర్‌గానో మార్చేటప్పుడు ఆ జాగ్రత్త జారిపోతుంది. తెలుగులో కారణం అనే అర్థం ‘కారణం’ అన్న మాటలో కంటే విభక్తుల్లో, క్రియ చివర్లలో ఎక్కువగా దాక్కుని ఉంటుంది. అందుకే దాన్ని ఎక్కడ వెతకాలో తెలియాలి.

మొదటి పని: ఏది ముందో తెలుసా లేదా, రాసి పెట్టుకోండి

ఫలితాలు రాయడానికి ముందే ఒక తెల్ల కాగితం మీద మీరు పోల్చబోయే ప్రతి జంటకూ ఒక ప్రశ్న వేసుకోండి: ఈ రెండింటిలో ఏది ముందు జరిగిందో నా సర్వే నుంచే చెప్పగలనా?

టీ, రక్తహీనతల జంట తీసుకోండి. టీ గురించి మీరు అడిగింది ఇప్పటి అలవాటు. హిమోగ్లోబిన్ మాత్రం ఇప్పటి సంగతి ఒక్కటే చెప్పదు. ఎర్ర రక్తకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది కాబట్టి ఈ రోజు కొలిచిన హిమోగ్లోబిన్‌లో గత కొన్ని నెలల తిండి, నెలసరి రక్తస్రావం, జబ్బులు అన్నీ కలిసి ఉంటాయి. ఓ అమ్మాయి హాస్టల్లో చేరి రెండు నెలల క్రితమే టీ మొదలుపెట్టి ఉండొచ్చు. ఆమె రక్తహీనత అంతకు ముందుదే కావచ్చు. లేదా వరస తిరగబడి ఉండొచ్చు: రక్తం తక్కువగా ఉండి మధ్యాహ్నానికే నీరసం వచ్చే అమ్మాయి, క్లాసులో నిద్ర రాకుండా ఉండటానికి అన్నం తిన్నాక టీ తాగుతూ ఉండొచ్చు. అప్పుడు రక్తహీనతే టీ అలవాటుకు దారి తీసినట్టు. ఈ రెండు కథల్లో ఏ కథ నిజమైనా మీ పట్టికలో కనిపించేది అదే 70, అదే 50.

ఇంకో దారి కూడా ఉంది. రక్తం తక్కువగా ఉందని ఇంతకు ముందే తెలిసిన అమ్మాయికి ఏఎన్‌ఎం ‘అన్నం తినగానే టీ తాగకమ్మా’ అని చెప్పి ఉంటుంది. ఆమె మానేసి ఉంటుంది. ఆమె మీ సర్వేలో ‘టీ తాగని, రక్తహీనత ఉన్న’ గడిలో పడుతుంది. ఇలాంటివాళ్లు ఎక్కువగా ఉంటే నిజంగా ఉన్న తేడా కూడా చిన్నదిగా కనిపిస్తుంది. అంటే తప్పు ఒకే దిక్కుకు పోదు.

కొన్ని జంటల్లో వరస స్పష్టంగానే ఉంటుంది. తల్లి చదువు, అమ్మాయి పుట్టిన వరస, ఆమె వయసు ఇవన్నీ ఈనాటి హిమోగ్లోబిన్ కంటే ముందువే. అక్కడ ‘ఏది ముందు’ అనే చిక్కు తీరుతుంది గానీ రెండో చిక్కు అలాగే ఉంటుంది. తల్లి చదువుతో పాటు ఇంటి ఆదాయం, ఇంట్లో గుడ్లు, మాంసం వండే వారాల లెక్క, టాయిలెట్ సౌకర్యం అన్నీ మారతాయి. తేడా దేని నుంచి వచ్చిందో పట్టిక చెప్పదు. కాబట్టి ఇక్కడ కూడా ‘తల్లి చదువుకోకపోవడం వల్ల’ అని రాయడానికి వీల్లేదు.

ఈ కాగితం మీ దగ్గర ఉంచుకోండి. తర్వాత చర్చ భాగం రాసేటప్పుడు ఇదే పనికొస్తుంది.

రెండో పని: ముందు బోసి వాక్యం రాయండి

ఎవరిలో, ఎప్పుడు, ఎంతమందిలో ఎంతమందికి, రెండో గుంపులో ఎంత, తేడా ఎంత. ఇంతే. విశేషణాలు వద్దు, వివరణ వద్దు.

‘భోజనం చేసిన గంటలోపు టీ తాగే అలవాటు ఉన్న 160 మందిలో 112 మందికి (70 శాతం) రక్తహీనత ఉంది. ఆ అలవాటు లేని 240 మందిలో 120 మందికి (50 శాతం) ఉంది. రెండు గుంపుల మధ్య తేడా 20 పాయింట్లు.’

ఈ వాక్యానికి ప్రాణం ‘మందిలో’ అనే చోట ఉంది. మన భాషలో గుంపును చెప్పి, ‘లో’ పెట్టి, ‘ఉంది’ అంటే పోలిక మాత్రమే అవుతుంది. దీని మీద ఎవరూ వేలెత్తి చూపలేరు. చాలా రిపోర్టుల్లో ‘టీకి, రక్తహీనతకు మధ్య గణాంకపరంగా ప్రాముఖ్యత గల సంబంధం కనుగొనబడింది’ అని రాస్తారు. తప్పేమీ లేదు, కానీ చదివేవాడికి ఏ గుంపులో ఎంత ఉందో తెలియదు, ‘ప్రాముఖ్యత’ అన్న మాట చూసి పెద్ద విషయమేదో అనుకుంటాడు. ‘సంబంధం’ అనే మాటను ప్రతి వాక్యంలో తాయెత్తులా కట్టక్కర్లేదు. పోలికను పోలికగా రాస్తే చాలు, అదే ఎక్కువ స్పష్టం.

ఒక్క అంశం గురించే చెప్పే వాక్యాలకు ఈ బెడద అసలు లేదు. ‘సర్వేలో పాల్గొన్న 400 మందిలో 232 మందికి, అంటే 58 శాతం మందికి, రక్తహీనత ఉంది’ అనేది క్రాస్ సెక్షనల్ సర్వే బాగా చెప్పగలిగిన మాట. దాన్ని ధైర్యంగా, మొదటే, ఏ జాగ్రత్త వాక్యమూ తగిలించకుండా రాయండి. రక్తహీనత అంటే ఏమిటో మాత్రం పక్కనే చెప్పండి: ఈ వయసులో గర్భిణులు కాని ఆడవాళ్లకు డెసీలీటరుకు 12 గ్రాముల కంటే తక్కువ హిమోగ్లోబిన్.

మూడో పని: విభక్తులనూ క్రియల చివర్లనూ జల్లెడ పట్టండి

ఇది అసలు పని, దీనికే ఎక్కువ సమయం ఇవ్వండి. రిపోర్టు ప్రింట్ తీసి కింద చెప్పినవి కనిపించిన చోటల్లా గీత గీయండి.

మొదటి రకం అందరికీ తెలిసిందే: వల్ల, చేత, మూలంగా, కారణంగా, ఫలితంగా, పర్యవసానంగా. ఇవి ఫలితాల భాగంలో రెండు కొలతల మధ్య కూర్చుంటే తీసేయండి. అలాగని కంప్యూటర్లో ‘వల్ల’ అని వెతికి అన్నిటినీ చెరిపేయకండి. ‘వేలి నుంచి రక్తం సరిగా రాకపోవడం వల్ల కొందరికి రెండోసారి తీశాం’ అనే వాక్యంలో ‘వల్ల’ నిజమైనదే. అక్కడ జరిగింది మీ కళ్ల ముందు జరిగింది.

రెండో రకం అంత తేలిగ్గా దొరకదు. ‘తాగితే’ అనే రూపం. ‘భోజనం తర్వాత టీ తాగితే రక్తహీనత ఎక్కువ’ అని రాసినవాళ్లు తాము పోలిక మాత్రమే చెప్పామనుకుంటారు. చదివేవాళ్లకు మాత్రం అది ‘నువ్వు తాగావంటే నీకు వస్తుంది’ అని వినిపిస్తుంది, ‘మానితే తగ్గుతుంది’ అనే రెండో సగం దానంతట అదే మనసులో పూర్తవుతుంది. ‘తాగితే’ స్థానంలో ‘తాగేవారిలో’ అని పెట్టండి. ఒక్క చివర మారితే వాక్యం హెచ్చరిక నుంచి పోలికలోకి వస్తుంది. ‘తాగడంతో’, ‘తాగేసరికి’, ‘తాగేకొద్దీ’ కూడా ఇదే కోవ. ముఖ్యంగా ‘తాగేకొద్దీ’. మీ పట్టికలో రోజుకు ఒక కప్పు, రెండు కప్పులు, మూడు కప్పులు తాగేవాళ్లు వేర్వేరు మనుషులు. ‘కప్పులు పెరిగేకొద్దీ హిమోగ్లోబిన్ తగ్గింది’ అంటే ఒకే అమ్మాయి కప్పులు పెంచుకుంటూ పోతే ఆమె రక్తం తగ్గుతూ వచ్చినట్టు. మీరు ఎవరినీ అలా వెంబడించలేదు. ‘ఎక్కువ కప్పులు తాగే గుంపుల్లో సగటు హిమోగ్లోబిన్ తక్కువగా ఉంది’ అనండి.

మూడో రకం క్రియల్లో ఉంటుంది. పెరిగింది, తగ్గింది, వచ్చింది, వస్తోంది, బారిన పడుతున్నారు. ఇవన్నీ కాలంలో జరిగే మార్పును చెప్పే మాటలు. మీరు చూసింది ఒక్క క్షణం. ‘పెరిగింది’కి బదులు ‘ఎక్కువగా ఉంది’, ‘తగ్గింది’కి బదులు ‘తక్కువగా ఉంది’, ‘రక్తహీనత వస్తోంది’కి బదులు ‘రక్తహీనత ఉంది’. పత్రికల్లో బాగా నలిగిన ‘రక్తహీనత బారిన పడుతున్న టీ ప్రియులు’ అనే మాటలో ముందు టీ, తర్వాత జబ్బు అనే వరస మొత్తం ఇమిడి ఉంది. ప్రెస్ నోట్‌లో మీరే అలా రాసిస్తే హెడ్డింగ్ అలాగే వస్తుంది.

దీనికి ఒక మినహాయింపు ఉంది. ఒకే రకం సర్వేను కొన్నేళ్ల తేడాతో మళ్లీ చేసినప్పుడు జనాభా మొత్తం గురించి ‘పెరిగింది’ అనొచ్చు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో రక్తహీనత 2015-16లో 53.1 శాతం, 2019-21లో 57 శాతం. కాబట్టి దేశంలో సర్వేలో కనిపించిన రక్తహీనత శాతం పెరిగింది అనడం సబబే. ఎందుకు పెరిగిందో మాత్రం ఆ రెండు అంకెలు చెప్పవు.

నాలుగో రకం క్రియకు బలం ఇచ్చేవి: పెంచుతుంది, తగ్గిస్తుంది, దెబ్బతీస్తుంది, కాపాడుతుంది, దారితీస్తుంది, ప్రభావం చూపుతుంది. ‘ప్రభావం’ మీద ప్రత్యేకంగా కన్నేయండి. థీసిస్ టైటిల్‌లోనే ‘హిమోగ్లోబిన్‌పై టీ అలవాటు ప్రభావం: ఒక క్రాస్ సెక్షనల్ అధ్యయనం’ అని ఉంటుంది. టైటిల్‌లో మొదటి సగం అడిగిన దానికి రెండో సగం జవాబు చెప్పలేదు. ఇంగ్లిష్ టైటిళ్లలో ఇంపాక్ట్, ఎఫెక్ట్ అనే మాటలదీ ఇదే పని. ‘డిగ్రీ విద్యార్థినుల్లో టీ అలవాటు, రక్తహీనత: ఒక క్రాస్ సెక్షనల్ సర్వే’ అంటే సరిపోతుంది. పరిశీలనాత్మక అధ్యయనాల రిపోర్టింగ్ కోసం 2007లో వచ్చిన స్ట్రోబ్ చెక్‌లిస్టులో 22 అంశాలున్నాయి. వాటిలో మొట్టమొదటిదే, అధ్యయనం ఏ రకందో టైటిల్‌లో గానీ సారాంశంలో గానీ చెప్పమంటుంది.

చివరి రకం వాక్యాల మధ్యలో ఉంటుంది. ఒక్కో వాక్యం శుభ్రంగానే ఉంటుంది, కానీ వాటిని కలిపే మాటలో కారణం దూరుతుంది. ‘వీరిలో 40 శాతం మంది భోజనం తర్వాత టీ తాగుతున్నారు. దాంతో 58 శాతం మందిలో రక్తహీనత కనిపించింది.’ ఆ ‘దాంతో’, ‘అందుకే’, ‘కాబట్టి’, ‘ఈ క్రమంలో’ అనేవాటిని కూడా గీత గీసే జాబితాలో చేర్చండి.

గీసిన వాక్యాలను పరీక్షించడానికి ఒక పద్ధతి ఉంది. వాక్యాన్ని తిరగేసి చూడండి. పోలిక అయితే తిరగేసినా నిజంగానే ఉంటుంది. ‘టీ తాగేవారిలో రక్తహీనత ఎక్కువ’ అన్నదాన్ని తిరగేస్తే ‘రక్తహీనత ఉన్నవారిలో టీ తాగేవారు ఎక్కువ’. మన పట్టికలో చూడండి: రక్తహీనత ఉన్న 232 మందిలో 112 మంది, అంటే 48 శాతం, టీ తాగుతారు. రక్తహీనత లేని 168 మందిలో 48 మందే, అంటే 29 శాతం. అవే నాలుగు గడులు, రెండు వాక్యాలూ నిజమే. ఇప్పుడు ‘టీ తాగడం వల్ల రక్తహీనత వస్తోంది’ని తిరగేయండి. ‘రక్తహీనత వల్ల టీ తాగుతున్నారు’ అవుతుంది. ఇది పూర్తిగా వేరే మాట. తిరగేస్తే మాట మారిపోతోందంటే, పట్టికలో లేని దిక్కు ఒకటి మీ వాక్యంలో ఉందన్నమాట.

‘కావచ్చు’ తగిలిస్తే ఈ దిక్కు పోతుందని చాలామంది నమ్ముతారు. పోదు. ‘టీ వల్ల రక్తహీనత వచ్చే అవకాశం ఉండవచ్చు’ అన్నా అది కారణం గురించిన మాటే, కాస్త మెల్లగా చెప్పారంతే. అలాంటి వాక్యానికి ఫలితాల భాగంలో చోటు లేదు. చర్చలో, ఒక ఊహగా, దాని పక్కనే మిగతా ఊహలతో కలిపి రాస్తే తప్పు లేదు.

నాలుగో పని: అంకెల పేర్లు సరిచూసుకోండి

మాటలన్నీ సరిచేశాక కూడా కారణం అంకెల వెనక నుంచి వస్తుంది. ‘టీ తాగేవారికి రక్తహీనత ముప్పు 2.3 రెట్లు’ అనే వాక్యం చూడండి. ఇందులో రెండు తప్పులున్నాయి.

ఒకటి, ‘ముప్పు’. రిస్క్ అంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్లను కొంతకాలం గమనిస్తే వారిలో కొత్తగా ఎంతమందికి జబ్బు వస్తుందన్న లెక్క. మీరు కొత్త కేసులు లెక్కపెట్టలేదు. ఆ రోజుకు ఉన్న కేసులు లెక్కపెట్టారు. దాన్ని ప్రివలెన్స్ అంటాం, తెలుగులో ‘ఎంతమందిలో ఉంది’ అంటే చాలు. ‘రిస్క్ ఫ్యాక్టర్’ అనే మాటకూ ఇదే అభ్యంతరం. ‘రక్తహీనత ఎక్కువగా కనిపించిన గుంపులు’ అని రాయండి.

రెండు, ఆ 2.3. అది ఆడ్స్ రేషియో. టీ గుంపులో 112 మందికి ఉంది, 48 మందికి లేదు. రెండో గుంపులో 120 మందికి ఉంది, 120 మందికి లేదు. 112ని 48తో భాగిస్తే 2.33, 120ని 120తో భాగిస్తే 1. కాబట్టి ఆడ్స్ రేషియో 2.33. కానీ మామూలు పాఠకుడు ‘2.3 రెట్లు’ అని చదివితే ఒక గుంపులో 30 శాతం ఉంటే ఇంకో గుంపులో 70 శాతం ఉందనుకుంటాడు. నిజానికి 70ని 50తో భాగిస్తే 1.4 రెట్లే. దీన్ని ప్రివలెన్స్ రేషియో అంటారు. జబ్బు అరుదుగా ఉంటే ఈ రెండు అంకెలూ దగ్గరదగ్గరగా ఉంటాయి. సగం మందికి పైగా ఉన్న రక్తహీనత లాంటి వాటిలో ఆడ్స్ రేషియో బాగా ఉబ్బి కనిపిస్తుంది. అందుకే ఇలాంటి సర్వేలో 1.4నే రాయండి, దాని 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్‌తో సహా: 1.19 నుంచి 1.65. దానికి ముందు 70, 50 శాతాలు తప్పకుండా ఉండాలి.

ఎస్‌పీఎస్‌ఎస్ వాడేవాళ్లు ఒక చోట తికమక పడతారు. `Crosstabs`లో `Risk` అని టిక్ పెడితే వచ్చే పట్టిక పేరే `Risk Estimate`. అందులో మొదటి వరస `Odds Ratio`, తర్వాతి వరసలు `For cohort` అని మొదలవుతాయి. సాఫ్ట్‌వేర్‌కు మీ అధ్యయనం ఏ రకందో తెలియదు, అది పేర్లు అలాగే అచ్చేస్తుంది. ‘రక్తహీనత ఉంది’కి సంబంధించిన `For cohort` వరసలో ఉన్న అంకె మీ సర్వేలో ప్రివలెన్స్ రేషియోనే. ముందు 70ని 50తో చేత్తో భాగించి ఆ అంకెతో సరిపోల్చండి. గడుల వరస తలకిందులైతే వేరే అంకె కనిపిస్తుంది. అంకె తీసుకోండి, పేరు మాత్రం తీసుకోకండి. రిగ్రెషన్ పట్టికల్లో వచ్చే ‘ప్రిడిక్టర్’, ‘డిపెండెంట్ వేరియబుల్’ అనే పేర్లనూ ఇలాగే వదిలేయండి. వాటిని చూసి ‘టీ అలవాటు రక్తహీనతను నిర్ణయిస్తోంది’ అని రాసేవాళ్లున్నారు.

ఐదో పని: సర్దుబాటు చేసిన ఫలితాన్ని అతిగా నమ్మించకండి

టీ తాగే అమ్మాయిల్లో హాస్టల్ వాళ్లు ఎక్కువ కావచ్చు, గుడ్లు, మాంసం తక్కువ తినేవాళ్లు ఎక్కువ కావచ్చు. అందుకని ఇంటి ఆదాయం, మాంసాహారం, ఐరన్ మాత్రల వాడకం లెక్కలోకి తీసుకుని మళ్లీ విశ్లేషించారనుకుందాం. 1.4 కాస్తా 1.25 అయింది (ఇదీ ఉదాహరణకే). ఇక్కడే ఎంతో జాగ్రత్తగా రాసినవాళ్లు కూడా ‘ఇతర కారణాలన్నీ తొలగించాక టీ స్వతంత్ర ప్రభావం నిరూపితమైంది’ అనేస్తారు.

‘అన్నీ’ అనే మాట నిజం కాదు. మీరు అడిగిన మూడింటినే లెక్కలోకి తీసుకున్నారు. నెలసరిలో రక్తం ఎక్కువగా పోతుందా, కడుపులో నులిపురుగులున్నాయా, తలసీమియా లక్షణం ఉందా అని మీరు అడగలేదు, చూడలేదు. అడిగినవాటిని కూడా ముతకగానే కొలిచారు. ‘వారానికి ఎన్నిసార్లు గుడ్డు తింటారు’ అనే ఒక్క ప్రశ్న ఆ ఇంటి తిండి మొత్తాన్ని పట్టుకోలేదు. ఇక, ఏది ముందు అనే చిక్కును ఎంత సర్దుబాటు చేసినా రిగ్రెషన్ తీర్చదు. నీరసం వచ్చి టీ తాగే అమ్మాయి ఆదాయాన్ని లెక్కలోకి తీసుకున్నా ఆమె కథ అదే.

ఇలా రాయండి: ‘ఇంటి ఆదాయం, మాంసాహారం, ఐరన్ మాత్రల వాడకం లెక్కలోకి తీసుకున్నాక కూడా టీ అలవాటు ఉన్నవారిలో రక్తహీనత 1.25 రెట్లు ఎక్కువగా కనిపించింది. నెలసరి రక్తస్రావం, నులిపురుగుల వివరాలు మేం సేకరించలేదు.’ ఆ రెండో వాక్యం మొదటిదాని పక్కనే ఉండాలి. దాన్ని తీసుకెళ్లి చివరి పేజీలో ‘పరిమితులు’ అనే శీర్షిక కింద పాతిపెడితే ఎవరూ చూడరు.

ఆరో పని: కారణం గురించి చర్చలో బాహాటంగా మాట్లాడండి

ఇదంతా చదివి, కారణం ఊసే ఎత్తకూడదేమో అనుకుంటే అదీ పొరపాటే. టీ గురించి ఎందుకు అడిగారు? టీలోని పాలీఫినాల్స్ శాకాహారంలోని ఐరన్‌ను ఒంటికి సరిగా పట్టనివ్వవని మనుషులకు కొలిచి పెట్టిన భోజనాలతో చేసిన ప్రయోగాల్లో తేలింది కాబట్టి. మీ ప్రశ్న వెనక కారణం ఉందని దాచడం కూడా పాఠకుణ్ని తప్పుదారి పట్టించడమే. మిగెల్ హెర్నాన్ అనే ఎపిడిమియాలజిస్టు 2018లో అమెరికన్ పబ్లిక్ హెల్త్ పత్రికలో వాదించింది ఇదే: పరిశోధకులు కారణం కోసమే వెతుకుతూ, ఆ మాట పలకకుండా ‘సంబంధం’ వెనక దాక్కుంటే సైన్సుకు మేలు జరగదు, లక్ష్యం ఏమిటో సూటిగా చెప్పాలి అని. నాకు ఆ వాదన సరైనదనిపిస్తుంది. అయితే లక్ష్యం కారణం కావచ్చు గానీ, ఒక్క పూట సర్వే ఆ లక్ష్యాన్ని ఎంతవరకు చేరిందో రాయడం వేరే పని.

అందుకని చర్చ భాగంలో ఎవరు చెప్పింది ఏదో విడదీసి రాయండి. ‘టీ ఐరన్ శోషణను తగ్గిస్తుందని భోజన ప్రయోగాల్లో తేలింది. మా సర్వేలో కనిపించిన తేడా దానికి అనుగుణంగానే ఉంది. అయితే ఇదే తేడా రావడానికి వేరే దారులూ ఉన్నాయి: రక్తహీనతతో నీరసంగా ఉన్నవారే టీ ఎక్కువగా తాగుతూ ఉండొచ్చు, టీ తాగే అమ్మాయిల భోజనంలోనే ఐరన్ తక్కువగా ఉండొచ్చు. ఈ మూడింటిలో ఏది ఎంతో మా సర్వే విడదీయలేదు.’ మొదటి పనిలో రాసి పెట్టుకున్న కాగితం ఇక్కడ పనికొస్తుంది. ‘ఇది క్రాస్ సెక్షనల్ అధ్యయనం కాబట్టి కారణాన్ని నిర్ధారించలేం’ అనే అచ్చు వాక్యం కంటే ఇది చాలా మేలు. ఆ అచ్చు వాక్యం ఏ థీసిస్‌లో అతికించినా అతుకుతుంది, దాన్ని చదివి ఎవరికీ ఏమీ తెలియదు.

ఏడో పని: సిఫార్సుల పేజీ మళ్లీ చదవండి

ఫలితాలు శుభ్రంగా రాసి, చర్చ బాగా రాసి, చివరి పేజీలో ‘విద్యార్థినులు భోజనం తర్వాత టీ మానేస్తే రక్తహీనత 20 శాతం తగ్గుతుంది’ అని రాస్తే చేసిన పనంతా వృథా. 70 నుంచి 50 తీసేస్తే వచ్చిన ఆ 20, రెండు వేర్వేరు గుంపుల మధ్య తేడా. టీ మానిన ఒక్క అమ్మాయిని కూడా మీరు చూడలేదు.

సిఫార్సు చేయకూడదని కాదు. అది దేని మీద నిలబడిందో చెప్పి చేయండి. ‘58 శాతం మందిలో రక్తహీనత ఉన్నందున కాలేజీలో వారం వారం ఐరన్ ఫోలిక్ మాత్రలు అందుతున్నాయో లేదో సమీక్షించాలి’ అనే సిఫార్సుకు మీ సర్వేలోని ఒక్క అంకె చాలు, కారణంతో పనిలేదు. ‘భోజనానికీ టీకీ మధ్య కనీసం గంట ఎడం ఉంచమని చెప్పవచ్చు’ అనే సలహాకు ఆధారం భోజన ప్రయోగాలు, కాబట్టి ఆ మాట అక్కడే చెప్పండి. ‘టీ మానడం రక్తహీనతను ఎంత తగ్గిస్తుందో తెలియాలంటే కొంతమంది విద్యార్థినులను చీటీలు తీసి రెండు గుంపులు చేసి, కొన్ని నెలలు గమనించాలి’ అనేది మూడో సిఫార్సు. ఇది మీ సర్వే నుంచి నేరుగా పుట్టిన ప్రశ్న.

ప్రెస్ నోట్ ఇచ్చాక విలేకరి ఫోన్ చేసి, ‘అంటే మేడమ్, టీ తాగితే రక్తం తగ్గుతుందంటారా?’ అని అడుగుతారు. సిద్ధంగా ఉండండి. ‘అవును’ అంటే హెడ్డింగ్ అయిపోయింది. ‘మేం చెప్పలేం’ అంటే ఫోన్ పెట్టేసి సొంతంగా రాసుకుంటారు. రెండు వాక్యాల్లో జవాబు ఇవ్వండి: ‘తాగే అమ్మాయిల్లో వందకు 70 మందికి, తాగని వాళ్లలో 50 మందికి రక్తహీనత ఉందండీ. టీ వల్లనా, తిండి తేడా వల్లనా, లేక నీరసంగా ఉండి టీ తాగుతున్నారా అన్నది ఈ సర్వేతో తెలియదు.’ ఆ పైన హెడ్డింగ్ కూడా మీరే ఇచ్చేయండి: ‘డిగ్రీ విద్యార్థినుల్లో సగం మందికి పైగా రక్తహీనత’. అది నిజం, వార్తకూ పనికొస్తుంది.

పంపే ముందు

ఫలితాల పేరా ఒక్కటే విడిగా తీసి, గణాంకాలతో సంబంధం లేని ఒకరికి ఇవ్వండి. ఆఫీసులో క్లర్కు అయినా సరే, ఇంట్లో అక్క అయినా సరే. చదివాక ఒక్కటే అడగండి: ‘దీని ప్రకారం రక్తహీనత తగ్గాలంటే ఏం చేయాలి?’ ‘టీ మానాలి’ అని వెంటనే జవాబొస్తే ఎక్కడో కారణం మిగిలిపోయింది. ఏ వాక్యం చదివి అలా అనిపించిందో వేలు పెట్టి చూపించమనండి. ఎక్కువసార్లు ఆ వేలు వెళ్లేది ‘తాగితే’ మీదకో ‘పెరిగింది’ మీదకో. అది దిద్ది మళ్లీ చదివించండి. ‘ఇందులో అది రాయలేదు కదా’ అని జవాబొచ్చాక పంపించండి.